‘అంతా వెబ్‌సైట్‌లో ఉంది’ అంటే అది జవాబు కాదు

సంపాదకుడు గారికి,

నమస్కారం. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఒక లిస్టెడ్ మందుల కంపెనీలో నాకు కొద్దిపాటి షేర్లున్నాయి. కిందటి వార్షిక నివేదిక చదివాక ఆ కంపెనీ ఇన్వెస్టర్ రిలేషన్స్ విభాగానికి ఒక మెయిల్ పంపి రెండు సంగతులు అడిగాను. ప్రమోటర్ల షేర్లలో తాకట్టులో ఉన్నవెన్ని అన్నది ఒకటి. విదేశంలో ఉన్న ఒక అనుబంధ సంస్థ లెక్కలు ఎక్కడ దొరుకుతాయి అన్నది రెండోది. ‘మీరడిగిన సమాచారమంతా మా వెబ్‌సైట్‌లో ఉంది’ అని ఒక్క వాక్యంలో జవాబొచ్చింది. వెతికితే ఆ విదేశీ సంస్థ పేరు ఉంది కానీ లెక్కలు లేవు. ఆ మాటే మళ్లీ రాస్తే, షేర్ల రిజిస్ట్రార్‌ను అడగమన్నారు. అడ్రసు మార్పు, డివిడెండు, పోయిన సర్టిఫికెట్ల పనులు చూసే రిజిస్ట్రార్‌కు అనుబంధ సంస్థల లెక్కలతో ఏం సంబంధం? నాలాంటి చిన్న వాటాదారులు చాలామందికి ఇలాంటి జవాబులే వస్తుంటాయి కాబట్టి ఈ విషయం మీ పత్రిక ద్వారా నలుగురికీ తెలియాలని రాస్తున్నాను.

ముందు షేర్ల సంగతి. మూడు నెలల కాలం ముగిసిన 21 రోజుల్లోగా ప్రతి లిస్టెడ్ కంపెనీ తన వాటాల వివరాలను స్టాక్ ఎక్స్ఛేంజీకి ఇవ్వాలని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ నియమం. అందులో ప్రమోటర్ల పేర్లన్నీ ఉంటాయి. బయటివాళ్లలో 1 శాతం, అంతకు మించి షేర్లున్నవారి పేర్లూ ఉంటాయి. ఈ పట్టిక ఎక్స్ఛేంజీ సైట్‌లో ఎవరైనా చూడొచ్చు. అయితే చాలామంది పొరబడేది తాకట్టు గడి దగ్గరే. అక్కడ వేసే శాతం కంపెనీ మొత్తం షేర్లలో కాదు, ప్రమోటర్ దగ్గరున్న షేర్లలో. ఉదాహరణకు ప్రమోటర్ల వాటా 50 శాతం, తాకట్టు గడిలో 40 శాతం అని ఉందనుకుందాం. అంటే కంపెనీ మొత్తం షేర్లలో 20 శాతం అప్పులిచ్చినవాళ్ల దగ్గర ఉన్నట్టు. తాకట్టు మొత్తం షేర్లలో 20 శాతానికి గానీ, ప్రమోటర్ల సొంత వాటాలో 50 శాతానికి గానీ చేరితే కారణాలు విడిగా చెప్పాలని 2019లో సెబీ ఆదేశించింది. ఈ ఉదాహరణలోని కంపెనీ సరిగ్గా ఆ 20 శాతం గీత మీదే ఉంది. ‘40 శాతమే కదా, సగం కూడా లేదు’ అనుకుని వదిలేస్తే ఆ కారణాల కాగితం మన కంట పడదు.

ఈ వెల్లడింపు ఊరికే రాలేదు. సత్యం కంప్యూటర్స్ ప్రమోటర్ల వాటా 10 శాతం కూడా లేదని పట్టికల్లో కనిపించేది. ఆ ఉన్నదీ అప్పుల కింద తాకట్టులో ఉందని బయటివాళ్లకు తెలిసే దారి అప్పట్లో లేదు. అప్పులిచ్చినవాళ్లు ఆ షేర్లు అమ్ముకున్నాక గానీ విషయం బయటపడలేదు. 2009 జనవరి 7న, లెక్కల్లో మోసం చేశానని ఒప్పుకుంటూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు లేఖ వచ్చింది. ఆ నెలలోనే తాకట్టు వివరాలు చెప్పి తీరాలని సెబీ నిర్ణయించింది. మన ఊళ్లలో ఎందరి సొమ్మో పోయాక వచ్చిన నియమం ఇది.

అనుబంధ సంస్థల విషయం ఇంకా చిక్కు. వార్షిక నివేదికలో ఏఓసీ-1 అనే పట్టిక ఉంటుంది. ఒక్కో అనుబంధ సంస్థ మూలధనం, ఆస్తులు, అప్పులు, అమ్మకాలు, లాభం, అందులో మన కంపెనీ వాటా శాతం అన్నీ ఒక్కో వరుసలో ఇస్తారు. మనకు అసలు వాటా ఎంత అన్నది మాత్రం మనమే లెక్క వేసుకోవాలి. మన కంపెనీకి ‘అ’ అనే సంస్థలో 60 శాతం, ఆ ‘అ’కు ‘ఆ’ అనే సంస్థలో 51 శాతం ఉన్నాయనుకోండి. రెండింటిమీదా పెత్తనం మన కంపెనీదే కాబట్టి రెండూ అనుబంధ సంస్థలే, రెండింటి అమ్మకాలూ పూర్తిగా ఉమ్మడి లెక్కల్లో కలుస్తాయి. కానీ ‘ఆ’ సంపాదించిన ప్రతి 100 రూపాయల లాభంలో మన కంపెనీ వాటాదారులకు చెందేది 30 రూపాయల 60 పైసలే. మిగతాది బయటి వాటాదారులది. ఉమ్మడి అమ్మకాలు పెరిగాయని మురిసిపోయే ముందు ఈ లెక్క తెలియాలి. అది తెలియాలంటే ఏ సంస్థను ఏ సంస్థ ఎంత శాతంతో పట్టుకుందో కంపెనీ చెప్పాలి.

ఇక్కడ చట్టం మన వైపే ఉంది. కంపెనీల చట్టం 2013లోని 136వ సెక్షన్ ప్రకారం లిస్టెడ్ కంపెనీ తన ప్రతి అనుబంధ సంస్థ ఆడిట్ అయిన లెక్కలను విడిగా వెబ్‌సైట్‌లో పెట్టాలి. వాటాదారు అడిగితే కాపీ ఇవ్వాలి. విదేశీ సంస్థకు ఆ దేశంలో ఆడిట్ తప్పనిసరి కాక, చేయించకపోయి ఉంటే, ఆడిట్ కాని లెక్కలైనా పెట్టొచ్చు. అవి వేరే భాషలో ఉంటే ఇంగ్లిష్ అనువాదం కూడా పెట్టాలి. కాబట్టి ‘అది విదేశీ సంస్థ, లెక్కలు లేవు’ అన్న సాకు చెల్లదు.

అందుకే మెయిల్ రాసేటప్పుడు ‘మీ అనుబంధ సంస్థల వివరాలు పంపండి’ అని మొత్తంగా అడగకండి. అలా అడిగితే వెబ్‌సైట్ చూడమనడం వాళ్లకు తేలిక. ఫలానా పేరుగల సంస్థ, ఫలానా సంవత్సరం లెక్కలు వెబ్‌సైట్‌లో కనిపించలేదు, 136వ సెక్షన్ కింద కాపీ ఇవ్వండి అని రాయండి. వాటాదారులని తెలిసేందుకు డీమ్యాట్ ఖాతా డీపీ ఐడీ, క్లయింట్ ఐడీ ఇస్తే సరిపోతుంది, పాన్ కార్డు కాపీ జత చేయనక్కర్లేదు. ముఖ్యంగా ఆ మెయిల్ కంపెనీ సెక్రటరీకి కూడా చేరాలి. ఇన్వెస్టర్ రిలేషన్స్ వాళ్ల పని ఎక్కువగా ఫండ్లతో, విశ్లేషకులతో మాట్లాడటం. నియమాలు పాటించారా లేదా అన్న దానికి కాంప్లయన్స్ అధికారిగా జవాబుదారీ సాధారణంగా కంపెనీ సెక్రటరీయే.

కంపెనీలు చెప్పలేనివీ కొన్ని ఉంటాయి. ఇంకా ప్రకటించని ఫలితాలు, జరుగుతున్న కొనుగోలు చర్చలు ఒక్క మదుపరికి చెప్తే అది ఇన్‌సైడర్ ట్రేడింగ్ నియమాలకు విరుద్ధం. వాటిని అడగడం మన తప్పు. కానీ ముగిసిన సంవత్సరం లెక్కలకు ఆ ముసుగు తొడగడం అన్యాయం.

జవాబు రాకపోతే సెబీ వారి స్కోర్స్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు, 21 రోజుల్లో కంపెనీ తాను తీసుకున్న చర్యేమిటో చెప్పాలి. కానీ ఒక లింకు కోసం అక్కడిదాకా పోవాల్సి రావడమే బాధగా ఉంది. వాటాదారు మెయిల్‌కు ఇచ్చే జవాబులో పత్రం పేరు, పేజీ సంఖ్య, నేరుగా తెరుచుకునే లింకు ఉండాలని సెబీ ఒక సర్క్యులర్ ఇవ్వాలి. ఏఓసీ-1 పట్టికలో ఉన్న ప్రతి పేరుకూ వెబ్‌సైట్‌లో లెక్కలు ఉన్నాయా లేదా అని స్టాక్ ఎక్స్ఛేంజీలు వార్షిక సమావేశానికి ముందే సరిచూడాలి. సెబీ నియమం ప్రకారం ఆ లెక్కలు సమావేశానికి కనీసం 21 రోజుల ముందే అక్కడ ఉండాలి కాబట్టి, ఆ తేదీ దాటిన మర్నాడే ఎక్స్ఛేంజీలు కంపెనీలను నిలదీయవచ్చు.

ఇట్లు,
ఒక చిన్న వాటాదారు,
హనుమకొండ