సాఫ్ట్ క్లోజ్ కావాలా? ముందు హింజ్ ఫొటో పంపండి

“పాత కబోర్డ్ తలుపులకి, టాయిలెట్ సీటుకి సాఫ్ట్ క్లోజ్ పెట్టొచ్చా? ఏ పార్టులు కావాలి?”

దబ్బున పడకుండా మెల్లగా మూసుకునే ఈ ఏర్పాటు తలుపులకు చాలావరకు పెట్టొచ్చు. మామూలు సీటుకు మాత్రం కుదరదు, సీటే మార్చుకోవాలి. ఇకపై హింజ్ ఫొటో చూడకుండా డ్యాంపర్లు అమ్మకూడదని మేం నిర్ణయించుకున్నాం. దీనివల్ల అమ్మకాలు కొంత తగ్గుతాయి, తెలుసు. కానీ పెట్టిన డ్యాంపర్ పనిచేయక తిరిగి రావడం కంటే అదే నయం.

విషయమేంటంటే, డ్యాంపర్ తలుపును మూయదు, మూసుకుంటున్న తలుపు వేగాన్ని తగ్గిస్తుందంతే. మూసే పని హింజ్‌లోని స్ప్రింగ్‌ది. తలుపును బెత్తెడు తెరిచి ఉంచి, మెల్లగా తోసి వదిలేయండి. చివర్లో తనంతట తానే లాక్కుని మూసుకుంటే స్ప్రింగ్ బాగున్నట్టే. లోపలివైపు తలుపులో గుండ్రటి గిన్నెలా దిగి ఉండే హింజ్‌లకు సాధారణంగా ఈ స్ప్రింగ్ ఉంటుంది. రెండు రేకుల మామూలు బందులకు ఉండదు. వాటికి డ్యాంపర్ పెడితే తలుపు పూర్తిగా మూసుకోకుండా ఆగిపోతుంది. అక్కడ హింజ్‌లే మార్చాలి.

స్ప్రింగ్ ఉంటే కావలసినవి కొద్దే: పిస్టన్ డ్యాంపర్, దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ హోల్డర్, బోర్డు మందం దాటని పొట్టి స్క్రూలు. జిగురు టేపుతో అతికించేవీ ఉన్నాయి గానీ, వంటింటి ఆవిరికి, జిడ్డుకి అవి ఊడిపోతాయి. నాకైతే స్క్రూలే నమ్మకం.

ఎక్కడ బిగిస్తారన్నదే అసలు కిటుకు. రెండు హింజ్‌లున్న పై కబోర్డ్ తలుపు అనుకోండి. లోపల పై పలకకు, పిడి ఉన్న చివర డ్యాంపర్ బిగించారు. తలుపు మెత్తగా వచ్చి, వేలెడు సందు మిగిల్చి ఆగిపోతోంది. పిస్టన్‌ను బయటికి నెట్టే చిన్న స్ప్రింగ్ అంత దూరం నుంచి హింజ్ స్ప్రింగ్‌ను గెలుస్తోందన్న మాట. డ్యాంపర్‌ను హింజ్ వైపు కొద్దికొద్దిగా జరిపి చూడండి, సందు మూసుకుపోతుంది. ఇంకా చప్పుడొస్తే పిడి వైపు కాస్త జరపాలి, లేదా పొడవాటి బరువు తలుపైతే రెండో డ్యాంపర్ పెట్టాలి. అందుకే ముందు ఒక్క స్క్రూతో తాత్కాలికంగా బిగించి చూడమంటాను.

సీటు సంగతి వేరు. అక్కడ డ్యాంపర్ హింజ్ లోపలే, చిక్కటి గ్రీజుతో తిరిగే చిన్న గొట్టంలా ఉంటుంది. దాని కడ్డీ కొనను సీటు రంధ్రం సరిగ్గా ఆ ఆకారానికే పట్టుకోవాలి. మామూలు సీటులో ఆ చోటే ఉండదు. కొత్తది కొనేముందు కమోడ్ మీది రెండు రంధ్రాల మధ్య దూరం, రంధ్రాల నుంచి ముందు అంచు దాకా పొడవు, వెడల్పు కొలవండి. కింద నుంచి నట్టు బిగించడానికి చెయ్యి పోతుందో లేదో కూడా చెప్పండి.

ఇప్పటికే సాఫ్ట్ క్లోజ్ సీటు ఉండి, అది దబ్బున పడుతుంటే డ్యాంపర్ అరిగినట్టే. ఆ మోడల్‌కు విడిగా దొరికితే జతగా మార్చండి. చాలా సీట్లలో ఒకటి మూతకు, ఒకటి సీటుకు పనిచేస్తాయి, అటుదిటు బిగించకూడదు. మూసేటప్పుడు చేత్తో నొక్కే అలవాటుంటే కొత్తవీ త్వరగానే పోతాయి.