విషయం: మీ జుట్టు మాత్రల డబ్బా మీద లేని ఒక్క వాక్యం గురించి

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ బయోటిన్ మాత్రలు నాలుగు నెలలు వాడాను. ఒక్కో మాత్రలో 10,000 మైక్రోగ్రాములు. మనిషికి రోజుకు కావలసింది 30, 40 మైక్రోగ్రాములే.

నాకు ఎనిమిదేళ్లుగా హైపోథైరాయిడ్. పొద్దున్నే 100 మైక్రోగ్రాముల థైరాక్సిన్ వేసుకుంటాను. మార్చిలో రక్త పరీక్షలో టీఎస్‌హెచ్ బాగా తక్కువగా 0.08, ఫ్రీ టీ4 ఎక్కువగా 3.4 వచ్చాయి. థైరాయిడ్ మందు మోతాదు మించిందనుకుని డాక్టరు గారు దాన్ని 50కి తగ్గించారు. ఆయన తప్పేమీ లేదు, కాగితం మీద ఉన్నది అదే. కానీ నాకు గుండెదడ లేదు, చేతులు వణకలేదు. మందు తగ్గించాక రెండు నెలల్లో ఒళ్లు బరువెక్కింది, మలబద్ధకం, ఎండాకాలంలోనూ చలి. రిపోర్టు మాత్రం మళ్లీ అదే పాట పాడింది.

రెండో డాక్టరమ్మ నాడి చూశారు, 62. "రక్తం ఇచ్చే ముందు థైరాక్సిన్ వేసుకున్నారా?" అన్నారు. లేదన్నాను. వేసుకున్నా ఫ్రీ టీ4 కాస్త పెరుగుతుందేమో గానీ టీఎస్‌హెచ్ అంతగా పడిపోదట. "మరి జుట్టుకేమైనా వాడుతున్నారా?" అన్నారు. మీ డబ్బా తీసి చూపించాను.

ఆ ల్యాబ్ యంత్రం బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే ప్రోటీన్ ఒకదానికొకటి అతుక్కునే గుణం మీద పనిచేస్తుంది. రక్తంలో బయోటిన్ ఎక్కువుంటే అదే ముందు వెళ్లి చోటు ఆక్రమిస్తుంది. టీఎస్‌హెచ్ పరీక్షలో పట్టుకోవలసిన హార్మోన్ యంత్రం కడిగేటప్పుడు కొట్టుకుపోయి అంకె తగ్గుతుంది. ఫ్రీ టీ4 పరీక్ష తీరు వేరు, అందులో అంకె పెరుగుతుంది. రెండూ కలిస్తే అచ్చం హైపర్‌థైరాయిడ్‌లా కనిపిస్తుంది. అన్ని యంత్రాలూ ఇలా పనిచేయవు, అందుకే వేరే ల్యాబ్‌లో వేరే అంకె రావచ్చు.

మూడు రోజులు మీ మాత్ర ఆపి, అదే ల్యాబ్‌లో మళ్లీ ఇచ్చాను. టీఎస్‌హెచ్ 18, అంటే నాకు థైరాయిడ్ మందు చాలడం లేదు.

ఫోన్ చేస్తే మీ ప్రతినిధి, "అది నీళ్లలో కరిగే విటమిన్ మేడమ్, ఎక్కువైతే మూత్రంలో పోతుంది" అన్నారు. పోతుంది, కాదనను. కానీ నేను మీ మాత్ర వేసుకున్న రెండు గంటలకే రక్తమిచ్చాను. కిడ్నీ జబ్బున్నవాళ్లకు పోవడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్షను కూడా ఇది తక్కువ చూపించగలదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది. నాకు పోయింది రెండు నెలలు. అక్కడ పోయేది ప్రాణం.

డబ్బు వాపసు అడగడం లేదు. "రక్త పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపండి, వాడుతున్నట్లు డాక్టరుకు, ల్యాబ్‌కు చెప్పండి" అని డబ్బా మీద తెలుగులోనూ అచ్చు వేయండి. "దుష్ప్రభావాలు లేవు" అన్న మాట తీసేయండి. పదిహేను రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వకపోతే రిపోర్టులన్నీ జతచేసి వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు, గుంటూరు