వెనక నుంచి చదివితే దొరికే తప్పులు

ఒరే శీనూ,

సంచిక ప్రూఫులు మూడుసార్లు చదివినా తప్పులు మిగిలిపోతున్నాయని తల పట్టుకున్నావు కదా. నాలుగోసారి అలాగే చదివినా లాభం లేదురా. ఆ వ్యాసాలు నీకు దాదాపు కంఠతా వచ్చేశాయి. కన్ను అక్షరం అక్షరం మీద ఆగదు, గెంతుకుంటూ పోతుంది. మధ్యలో ఉన్నది మనసే పూరించేసుకుంటుంది. అందుకే పేరాని చివరి మాట నుంచి మొదటికి చదువు. అర్థం తెగిపోతే ఊహించడానికి ఏమీ ఉండదు.

ఈ వాక్యం చూడు: "వార్షికోత్సవానికి పాలు ఊళ్ల నుంచి వచ్చిన విధ్యార్థులు తమ తమ అనుభవాలు పంచుకుని సంతొషించారు."

కాగితం మీద తీసుకుని, పెన్సిల్ మొన ఒక్కో మాట కింద ఆనిస్తూ వెనక్కి రా. "సంతొషించారు" దగ్గరే ఆగుతావు, తో బదులు తొ పడింది. "తమ, తమ" దగ్గర అనుమానం వస్తుంది, కానీ అది తప్పు కాదు, అలా రెండుసార్లు రాయడం మామూలే. తర్వాత "విధ్యార్థులు". ద కింద వొత్తు గీత ఎక్కువైంది. పక్కనే యవత్తు కూడా ఉండడంతో ముందు నుంచి చదివితే ఆ గీత అందులో కలిసిపోతుంది. తెలుగులో ఎక్కువగా జారిపోయేవి ఇవే: ఒత్వం ఓత్వం, ఎత్వం ఏత్వం, వొత్తులు.

మరి "పాలు"? వెనక నుంచి చదివితే అది హాయిగా తప్పించుకుంటుంది, ఎందుకంటే పాలు కూడా మంచి మాటే. "పలు" ఉండాలని వాక్యం చెప్పాలి తప్ప మాట చెప్పదు. కాబట్టి ఈ పద్ధతినే నమ్ముకుని కూర్చోకు. రెండో విడతలో వాక్యాన్ని మామూలుగానే చదువు, కానీ పేరాలో ఆఖరి వాక్యంతో మొదలుపెట్టి పైకి వెళ్లు. కథనం వెంట కొట్టుకుపోవు, వాక్యం అర్థం మాత్రం చేతిలోనే ఉంటుంది. గొంతెత్తి చదివితే ఇంకా మంచిది. "పాలు ఊళ్ల నుంచి" అని నోటితో అనగానే నీకే నవ్వొస్తుంది. కర్త ఏకవచనం, క్రియ బహువచనం లాంటివి కూడా ఇక్కడే పట్టుబడతాయి.

అన్నీ వెనక నుంచి చదవాలంటే ప్రాణం పోతుంది, నిజం చెప్తున్నా. ఒక పేజీ చదివేసరికి విసుగొస్తుంది, విసుగొచ్చాక మళ్లీ కన్ను గెంతడం మొదలెడుతుంది. రోజుకి కొన్ని పేజీలే పెట్టుకో. మామూలు చదువుకి మాత్రం వరస కింద ఒక అట్టముక్క అడ్డం పెట్టుకుంటే చాలు, కింది వరస కనబడదు. శీర్షికలూ ఫొటోల కింద వ్యాఖ్యలూ విడిగా చూడు. అక్షరాలు పెద్దవి కదా, తప్పుంటే తెలిసిపోతుందిలే అని వదిలేస్తాం, సరిగ్గా అక్కడే ఉంటుంది.

ఇంకోటి, దిద్దిన చోటే కొత్త తప్పు పుడుతుంది. దిద్దిన వరసతో పాటు పై వరసా కింది వరసా కూడా మళ్లీ చూడు.

పేర్లు, తేదీలు, ఫోన్ నంబర్లు నువ్వొక్కడివే చూడకు. వాటిని ఎలా చదివినా తప్పో ఒప్పో తెలియదు, మూలప్రతితో పోల్చాల్సిందే. ఆదివారం ఫోన్ చెయ్యి. నువ్వు మూలం అంకె అంకె చదువు, ప్రూఫు నేను పట్టుకుంటా.

నీ
రాము