మొదటి రెండు అక్షరాలు చెరిగితే

ప్రియ మిత్రుడు సూర్యానికి,

నీవు పంపిన రాగిరేకు ఫోటోలు అందాయి. సంవత్సరం చెప్పే పద్యపాదంలో మొదటి రెండు అక్షరాలను చిలుము తినేసిందనీ, తిథి, వారం, నక్షత్రం మిగిలే ఉన్నాయి గనుక పంచాంగం లెక్క కట్టి ఆ ఖాళీని పూరించవచ్చు కదా అనీ రాశావు. ఆ లెక్క ఎంత దూరం నడుస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకోవడానికి ముందుగా పాఠం నిశ్చయంగా తెలిసిన శాసనం ఒకదాని మీద పరీక్షించి చూద్దాం.

రాజరాజ నరేంద్రుని కోరుమిల్లి తామ్రశాసనంలో అతని పట్టాభిషేక కాలాన్ని చెప్పే శ్లోకం నీకు గుర్తుండే ఉంటుంది. "యో రక్షితుం వసుమతీం శకవత్సరేషు వేదామ్బురాశినిధివర్త్తిషు సింహగేర్క్కే" అని మొదలై, కృష్ణ ద్వితీయ, ఉత్తరాభాద్ర, గురువారం అని సాగుతుంది. వేదాలు 4, అంబురాశులు అంటే సముద్రాలు 4, నిధులు 9. అంకెలను కుడి నుంచి ఎడమకు పేర్చుకుంటే శకం 944, అంటే క్రీ.శ. 1022. ఆ సంవత్సరం ఆగస్టు 16వ తేదీ గురువారమే, కాబట్టి లెక్క కుదిరింది. ఇప్పుడు నీ రేకులో జరిగినట్టే ఇక్కడా "వేదా" అన్న రెండక్షరాలు పోయాయనీ, మిగతాదంతా స్పష్టంగా ఉందనీ అనుకో. అంటే ఒకట్ల స్థానపు అంకె తెలియదు, శకం 940 నుంచి 949 దాకా ఏదైనా కావచ్చు.

మొదట మనం ఆశ్రయించేది ఛందస్సునే. ఇది వసంతతిలక వృత్తం గనుక పాదం మొదట రెండు గురువులు రావాలి. అయితే "వేదా" ఉన్న చోట 5కి "బాణా" పెట్టినా, 7కి "శైలా" పెట్టినా, 1కి "రూపా", 8కి "నాగా", 2కి "పక్షా" పెట్టినా గణభంగం కాదు, సంధీ చెడదు. కాబట్టి ఛందస్సు మనకు రెండక్షరాలు పోయాయని మాత్రమే నిర్ధారించి చెబుతుంది. అది చిన్న సాయమేమీ కాదు, ఎందుకంటే ఫోటోలో ఖాళీని కొలిచి ఎన్ని అక్షరాలు పట్టేవో ఊహించడం కన్నా ఇది నమ్మదగినది. కాని ఏ అంకె అన్న ప్రశ్నకు అది సమాధానం ఇవ్వలేదు.

ఇక వారం సంగతి చూద్దాం. పన్నెండు చాంద్రమాసాలంటే సుమారు 354 రోజులు. వాటిని వారాలుగా భాగిస్తే నాలుగు రోజులు మిగులుతాయి గనుక అదే తిథి మరుసటి ఏడు వారంలో నాలుగైదు రోజులు ముందుకు జరిగి పడుతుంది. ఈ సగటు లెక్కతో శకం 945లో సింహరాశిలో సూర్యుడుండగా వచ్చే కృష్ణ ద్వితీయ సోమ, మంగళవారాల దగ్గర పడుతుంది. అంచేత "బాణా" తొలగిపోతుంది. 942, 943, 946, 948, 949 కూడా ఇలాగే గురువారానికి దూరంగా పోతాయి. 940 మాత్రం గురువారం దగ్గరికే వస్తుంది కాని, ఆ తిథి ఆగస్టు మొదటికే పడుతుంది గనుక చంద్రుడు ఉత్తరాభాద్రకు ఇంకా చేరడు. ఇంతవరకు లెక్క చక్కగానే నడిచింది.

చిక్కు 941, 947 దగ్గర వస్తుంది. మధ్యలో ఒక అధికమాసంతో కలిపి మూడేళ్ళంటే 37 చాంద్రమాసాలు, అంటే దాదాపు 1092.6 రోజులు, 1092 రోజులు సరిగ్గా 156 వారాలు. అందువల్ల మూడేళ్ళకు ముందు కాని తరువాత కాని అదే తిథి దాదాపు అదే వారం మీద, సగం రోజు అటూ ఇటూగా పడుతుంది. 941లో అది బుధ, గురువారాల మధ్య, 947లో గురు, శుక్రవారాల మధ్య తేలుతుంది, నక్షత్రం కూడా గట్టిగా కాదనదు. సగటు లెక్క ఇంతకన్నా తేల్చలేదు; చంద్రుని నిజగతితో, ఆ ఊరి సూర్యోదయ కాలంతో నిక్కంగా గుణించాలి, అప్పటికీ ఆ కాలపు పంచాంగకర్త ఏ సిద్ధాంతం పాటించాడన్న సందేహం అంచున పడే తిథులలో మిగిలే ఉంటుంది. పది అవకాశాలను మూడుకు తగ్గించడం గొప్ప లాభమే, అయినా మూడింటిలో నచ్చినదాన్ని ఎంచుకుని "తేదీ కుదిరింది" అనేస్తే అది నిజాయితీ కాదు.

కాబట్టి మళ్ళీ రాగిరేకు దగ్గరికే రావాలి. ఇప్పుడు వెతకవలసినది బాగా తగ్గింది గనుక చూపు పదునెక్కుతుంది. మన ఉదాహరణలో "వే" అయితే అక్షరం తలమీద ఎత్వపు గీత ఉండాలి; "శై" అయితే దానికి తోడు ఐత్వపు గీత అదనంగా ఉండాలి, అక్షరం లోపల కూడా గీత ఉండాలి; "రూ" అయితే తలమీద ఎత్వపు గీత ఉండక పక్కన కొమ్ము దీర్ఘం కనిపించాలి. అక్షరం మధ్యభాగం పూర్తిగా పోయినా తలమీద మిగిలిన ఎత్వపు అరగీత "రూ"ను తోసిపుచ్చగలదు. కాని 1కి "చన్ద్రా" అని కూడా వాడవచ్చు గనుక, ఒక పదాన్ని తోసిపుచ్చినంత మాత్రాన ఆ అంకెనే తోసిపుచ్చినట్టు కాదు.

ఇక్కడ నీ ఫోటోల మీద నాకొక ఫిర్యాదు ఉంది. అన్నీ ఎదురు వెలుతురులో తీశావు. రాగి మెరిసిపోయి గీతలు చదునైపోయాయి. వెలుతురు పక్కనుంచి, రేకుకు దాదాపు ఆనుకున్నట్టు ఏటవాలుగా పడాలి. అప్పుడు కూడా వెలుతురు వచ్చే దిశకు సమాంతరంగా ఉన్న గీత నీడ వేయదు గనుక కనిపించదు. అడ్డంగా ఉన్న గీత మాత్రం లోతుగా కనిపిస్తుంది. అందుచేత రేకునూ కెమెరానూ కదపకుండా దీపాన్ని మాత్రం ఎడమ నుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి పెట్టి రెండు ఫోటోలు తీయాలి. ఏ ఫోటోలో కనబడినా అంచులు తీరుగా ఉన్నది ఉలి గీత. అంచులు చిందరవందరగా ఉండి ఒకదానిలో గీతలా, మరొకదానిలో మచ్చలా కనబడేది తుప్పు గుంట. అక్షరాలు చెక్కినట్టు కాక ఉబ్బినట్టు కనిపిస్తే ఫోటోను తలకిందులు చేసి చూడు. వెలుతురు కిందినుంచి వస్తే కన్ను అలా మోసపోతుంది.

రాసుకునే పద్ధతి గురించి కూడా అడిగావు. మూలపాఠంలో ఏదీ సవరించవద్దు. "వర్త్తిషు", "ర్క్కే" అన్నవి తప్పులు కావు, రేఫ తరువాతి హల్లును జంటగా రాయడం ఆనాటి అలవాటు. "మ్బు"ను సున్నగా మార్చవద్దు, "సింహగేర్క్కే"లో లేని అవగ్రహాన్ని పెట్టవద్దు. వాటిని కింద వేరుగా, సరిచేసిన పాఠంలో చూపించు. సగం చెరిగి కొంత కనబడుతున్న అక్షరాన్ని చదరపు కుండలీకరణంలో పెట్టు. పూర్తిగా పోయినదాన్ని నీవు పూరిస్తే నక్షత్రపు గుర్తు చేర్చు. అయితే ఎపిగ్రాఫియా ఇండికాలో చదరపు కుండలీకరణం చెడిన అక్షరానికి గుర్తు కాగా, 1931 నాటి లైడెన్ పద్ధతిలో అది పూర్తిగా పోయి పూరించిన అక్షరానికి గుర్తు. కాబట్టి ఏ పద్ధతి పాటిస్తున్నావో మొదటి పుటలోనే చెప్పకపోతే నీ జాగ్రత్త అంతా ఎదుటివారికి తిరగబడి అర్థమవుతుంది.

అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ అంకెను వారం లెక్కతో పూరిస్తే, తరువాత "తేదీ వారంతో సరిపోయింది గనుక శాసనం అసలైనదే" అని వాదించే హక్కు మనకు ఉండదు, ఎందుకంటే సరిపోయేట్టు పూరించినది మనమే. అలా పూరించిన సంవత్సరం ఒక వ్యాసంలో కుండలీకరణాలతో మొదలై, మరొకరి పట్టికలో అవి రాలిపోయి, మూడోచోట రాజు పాలనాకాలానికి ఆధారమైపోతుంది. అందుకని, ఈ ఉదాహరణలోనైతే, పట్టికలో సంవత్సరం పక్కనే "లెక్కతో పూరించినది, 941, 947 కూడా సాధ్యమే" అన్నంత మాట రాసి తీరాలి.

రెండు దిశల వెలుతురుతో ఆ పాదం మొదటి భాగాన్ని మళ్ళీ తీసి, పక్కన కొలబద్ద పెట్టి, రంగు దిద్దని మూల ఫైళ్ళనే పంపు. తలకట్టు దగ్గర ఏం మిగిలిందో నేను విడిగా చదివి రాస్తాను. నా పాఠం నీకు చేరేదాకా నీదేమిటో నాకు చెప్పవద్దు.

నీ
రాఘవ