ఫిర్యాదు: 11 శాతం అని చెప్పి అంటగట్టిన పెళ్లి లోను

గ్రీవెన్స్ అధికారి గారికి,

గత నెల మీ తిరుపతి శాఖలో మా అమ్మాయి పెళ్లికి 3 లక్షల లోను తీసుకున్నాను. వడ్డీ విషయంలో నన్ను తప్పుదారి పట్టించారు. అదే నా ఫిర్యాదు.

పెళ్లి ఖర్చు 9 లక్షలు అనుకున్నాం. నాలుగేళ్లుగా కట్టిన ఆర్‌డీలో 6 లక్షలు చేతికొచ్చాయి. మిగతా 3 లక్షలకు మ్యూచువల్ ఫండ్ అమ్ముదామా, నా భార్య గాజులు బ్యాంకులో పెడదామా అని ఇంట్లో తర్జనభర్జన. ఆ ఫండ్ మా రిటైర్‌మెంట్ కోసం, నెలకు 5,000 సిప్. బంగారం మీద మా బ్యాంకు 9 శాతానికి ఇస్తానంది. మీ ఎగ్జిక్యూటివ్ మాత్రం, "సిప్ కదపొద్దు సార్, గాజులూ పెట్టొద్దు, మా వడ్డీ 11 శాతమే" అన్నాడు. పెళ్లింట్లో గాజులు తాకట్టంటే నాకూ మనసొప్పలేదు. రెండు శాతమే కదా తేడా అని సంతకం పెట్టాను.

కిస్తీ 11,083 అని మెసేజ్ వచ్చాక అనుమానం వచ్చి కాగితం మీద లెక్క వేశాను. తీరిపోయే అసలు మీద 11 శాతమైతే 36 నెలలకు కిస్తీ 9,822 రావాలి. మీరు నెలనెలా అసలు తగ్గుతున్నా మూడేళ్లూ మొత్తం 3 లక్షల మీదే వడ్డీ వేసి, 99,000 కలిపారు. ఫ్లాట్ రేటు అంటే ఇదని అప్పుడు తెలిసింది. మామూలు లెక్కలో ఇది దాదాపు 19.6 శాతం. పైగా ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ 7,080, నేను అడగని బీమా 9,000 పట్టుకొని, చేతికి 2,83,920 ఇచ్చారు. అవీ కలిపితే వార్షిక రేటు 23.5 శాతం దాటుతోంది. ఏ ఫండూ ఏటా అంత ఖాయంగా ఇవ్వదు. ఈ సంగతి ముందే తెలిస్తే గాజులే పెట్టేవాణ్ణి, లేదా భోజనాల్లో రెండొందల ఆకులు తగ్గించేవాణ్ణి.

ఈ నెల 5న మీ కిస్తీ కోతతో ఖాతా ఖాళీ అయి, 7న సిప్ బౌన్స్ అయింది. కదపొద్దన్న సిప్పే కదిలింది.

2024 అక్టోబర్ 1 నుంచి రిటైల్ లోన్లకు అన్ని ఖర్చులూ కలిపిన వార్షిక రేటుతో కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ముందే ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. అందులో లేని చార్జీని నా స్పష్టమైన అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. నాకు ఆ కాగితమే ఇవ్వలేదు. ఇచ్చామంటారా, నా సంతకమున్న ప్రతి పంపండి.

బీమా సొమ్ము 9,000 వెనక్కివ్వండి. గాజులు పెట్టి మీ బాకీ మొత్తం తీర్చేస్తాను. ముందస్తు చెల్లింపు రుసుము మాఫీ చేసి, ఎంత కట్టాలో రాతపూర్వకంగా తెలపండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ ఖాతాదారు,
బైరాగిపట్టెడ, తిరుపతి