కెన్ అంటే కాంట్ అని ఎందుకు వినపడింది

అమ్మలూ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్‌లో అంత బాధపడుతుంటే నాకు సరిగ్గా చెప్పడం రాలేదు, అందుకే పొద్దున్నే కాఫీ తాగి కూర్చుని ఇది టైప్ చేస్తున్నా. శుక్రవారానికి పంపిస్తానని నువ్వు చెప్తే ఆ అమెరికా ఆవిడ పంపలేనన్నావని మెయిల్ పెట్టింది అన్నావు కదా. నువ్వు గ్రామర్ తప్పు మాట్లాడలేదు, ఆవిడ కావాలని చేసిందీ కాదు. నువ్వు ఆ వాక్యం నాకు మళ్లీ చెప్పి వినిపించగానే తప్పెక్కడుందో నాకు తెలిసిపోయింది, బ్రాడీపేటలో ఇన్నేళ్లు సాయంత్రం క్లాసులు చెప్పిన చెవి కదా.

"ఐ కెన్ సెండ్ ఇట్ బై ఫ్రైడే." ఫ్రైడేని ఫ్రై, డే అని విడదీస్తే ఇందులో ముక్కలు ఏడు. నువ్వు ఏడింటినీ ఒకే సైజులో, ఒకే బలంతో పలికావు. మన తెలుగులో అలా పలకడమే కరెక్టు, ఎందుకంటే మనకి ప్రతి అక్షరానికీ దాని మాత్ర దానికుంటుంది, లఘువుకి ఒకటి, గురువుకి రెండు, దాన్ని మింగేస్తే అర్థమే మారిపోతుంది. పంపగలను, పంపలేను అన్నప్పుడు 'గల' 'లే' అనే అక్షరాలే సంగతి చెప్పేస్తాయి, రాగంతో పని లేదు. ఇంగ్లీషులో అలా కాదమ్మా, అందులోనూ అమెరికా వాళ్ల మాటలో. వాళ్లు ఈ వాక్యంలో సెండ్ మీద ఒక దెబ్బ, ఫ్రై మీద ఒక దెబ్బ వేస్తారు, మిగతావన్నీ ఆ రెండింటి మధ్యలో నలిగిపోతాయి. కెన్ అయితే 'క్‌న్' అయిపోతుంది, క కీ న కీ మధ్య అచ్చు ఉందా లేదా అన్నట్టు. అదే కాంట్‌ని మాత్రం నిండుగా, బలంగా అంటారు, 'క్యాన్ట్' అని, కానీ చివరి ట గొంతులోనే ఆగిపోతుంది, చాలాసార్లు బయటికి రాదు. అంటే వాళ్ల చెవి ట కోసం చూడదు, ఆ మాట నిండుగా వచ్చిందా నలిగి వచ్చిందా అని చూస్తుంది. నువ్వు కెన్‌ని నిండుగా అన్నావు, ఆవిడకి అది కాంట్ అయింది. స్కూల్లో మనకి బ్రిటిష్ పద్ధతిలో 'కాంట్' అని దీర్ఘంతో నేర్పారు కాబట్టి మన చెవికి ఆ తేడా చాలు, వాళ్లకి అది చాలదు.

ఇది రూల్ చదివితే నోటికి రాదు. షాడోయింగ్ చెయ్యాలి, అంటే రికార్డింగ్ వింటూ దాని వెనకే నీడలా మాట్లాడ్డం. చిన్న క్లిప్పు చాలు, ఐదారు సెకన్లు, ఒక్కళ్లే మాట్లాడుతూ ఉండాలి, వెనక మ్యూజిక్ ఉండకూడదు. youglish.com లోకి వెళ్లి I can send అని కొట్టి US సెలెక్ట్ చేసుకో, నిజం మనుషులు మాట్లాడిన వీడియోల్లో ఆ మాటలు వచ్చిన చోటికే తీసుకెళ్తుంది. నేర్చుకునేవాళ్ల కోసం నెమ్మదిగా చదివిన వార్తలు మాత్రం దీనికి తీసుకోవద్దు, అందులో కెన్ నలగదు, నీకు కావాల్సిందే పోతుంది.

మొదట నోరు తెరవకుండా నాలుగుసార్లు విను, కళ్లు మూసుకుని, వేలి కణుపుతో టేబుల్ మీద దెబ్బ వేస్తూ. దెబ్బ ఎక్కడ పడుతోందో చేతికి తెలియాలి. తర్వాత మాటలు లేకుండా నోరు మూసుకుని 'మ్ మ్ మ్' అని రాగం మాత్రం తియ్యి, ఫ్రై దగ్గర గొంతు పైనుంచి దిగి డే దగ్గర కిందికి వాలుతుంది చూడు, మనం అక్కడ పైకి లేపి వదిలేస్తాం, వినేవాళ్లకి ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు ఉంటుంది. ఆ రాగం కుదిరాకే మాటలు పెట్టు, వాళ్లకంటే ఒక్క క్షణం వెనకగా. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకో, రెండో చెవితో నీ గొంతు నీకు వినపడాలి. రాసిన కాగితం ముందు పెట్టుకోకు తల్లీ, సి ఎ ఎన్ అనే అక్షరాలు కంటికి కనపడగానే నోరు దాన్ని నిండుగా పలికేస్తుంది.

ఇక్కడ ఒక మోసం ఉంది. నా దగ్గరికి ఒకమ్మాయి వచ్చేది, క్లిప్పుతో పాటు చెప్తే అచ్చం అలాగే దిగేది, నేను కూడా వచ్చేసిందనుకున్నా. క్లిప్పు ఆపేసి ఒక్కదాన్నే చెప్పమంటే మళ్లీ ఏడు ముక్కలు ఏడు దెబ్బలు. పక్కన ఆ గొంతు ఉన్నంతసేపూ అదే మనల్ని లాక్కెళ్తుంది, మన తప్పుని కప్పేస్తుంది కూడా. అందుకని పదిసార్లు చేశాక క్లిప్పు ఆపి, రెండు ఊపిర్లు ఆగి, ఒంటరిగా చెప్పి ఫోన్‌లో రికార్డ్ చేసుకో. తర్వాత అసలుదీ నీదీ పక్కపక్కన విను. వినేటప్పుడు యాస బాగుందా లేదా అని చూడకు, రెండే చూడు, దెబ్బలు రెండే ఉన్నాయా, కెన్ కంటే సెండ్ పెద్దగా ఉందా. అసలు క్లిప్పులో వాక్యం ఒకటిన్నర సెకన్లు పట్టి నీది రెండున్నర పడితే చిన్న మాటలు ఇంకా నలగలేదని అర్థం.

అలా అని స్పీడ్ పెంచెయ్యకు. చాలామంది చేసే పని అదే, మొత్తం గబగబా అనేస్తారు, అప్పుడు సెండ్ కూడా నలిగిపోతుంది, ఆవిడకి ఏదీ అర్థం కాదు. చిన్న మాటల దగ్గర మిగిలిన టైమ్ తీసుకెళ్లి సెండ్‌కీ ఫ్రైకీ ఇవ్వాలి, అవి రెండూ ఇంతకు ముందు కంటే సాగాలి.

ఇంకొకటి, కెన్ ప్రతిచోటా నలగదు. "ఎస్, ఐ కెన్" అని ఆగిపోతే చివర్లో ఉంది కాబట్టి నిండుగానే ఉంటుంది. "నువ్వు పంపలేవా?" అని ఎవరైనా అంటే, పంపగలను అని తిప్పి చెప్పేటప్పుడు కూడా కెన్ మీదే దెబ్బ పడుతుంది. తెలుగులో మనం 'నేనే', 'రేపే' అని ఏ తగిలించి చేసే పనిని వాళ్లు ఆ దెబ్బతో చేస్తారు. అందుకే క్లిప్పు తీసుకునేటప్పుడు దాని ముందు మాట ఏంటో కూడా ఒకసారి విను, లేకపోతే వాదించేటప్పటి రాగం నేర్చుకుని మామూలు మాటకి వాడేస్తావు.

ఒక్క క్లిప్పు మూడు నాలుగు రోజులు పట్టుకో, రోజుకి పది నిమిషాలు. నోటికి పట్టాక రాగం అలాగే ఉంచి మాటలు మార్చు, "వి కెన్ ఫిక్స్ ఇట్ బై మండే", "షి కెన్ చెక్ ఇట్ బై టూస్‌డే" అని. దాంతో పాటు కాంట్ పెట్టి కూడా చెప్పు, రెండూ ఒకదాని తర్వాత ఒకటి. వచ్చే కాల్‌లో మాత్రం రిస్క్ తీసుకోకు, ఇది కుదిరేదాకా కెన్ మానేసి "ఐ విల్ సెండ్ ఇట్ బై ఫ్రైడే" అను, లేదా ముందు "ఎస్" అని గట్టిగా అని అప్పుడు మొదలుపెట్టు.

రాత్రి అన్నం తిన్నాక కెన్‌తో మూడు, కాంట్‌తో మూడు కలిపి ఆరు వాక్యాలు రికార్డ్ చేసి నాకు వాట్సాప్‌లో పెట్టు, ఏది ఏదో చెప్పకుండా కలిపేసి పెట్టు. నేను విని ఏది పంపగలను, ఏది పంపలేను అని రాసి పంపిస్తా. నాన్న గోంగూర పచ్చడి సీసా రేపు పొద్దున బస్సుకి ఇస్తున్నారు, తీసుకున్నాక ఫోన్ చెయ్యి.

మీ అమ్మ