‘సున్నా శాతం’ అని అచ్చు వేసే ముందు

సంపాదకుడు గారికి,

నమస్కారం.

వానలు మొదలయ్యాక మా హనుమకొండ వైపు ఇళ్ల కుళాయిల నీళ్లు పరీక్షించిన ఫలితం మీ జిల్లా పేజీలో వచ్చింది. 20 కుళాయిల నీళ్లు పట్టి, మందు ఉన్న చిన్న సీసాల్లో పోసి ఉంచారు. నీళ్లలో మలం ద్వారా చేరే బ్యాక్టీరియా ఉంటే ఒకటి రెండు రోజుల్లో సీసా నల్లబడుతుంది. ఏ సీసా నల్లబడలేదు. దాంతో అధికారుల నోట్‌లో ‘కలుషిత కుళాయిలు 0 శాతం, 95 శాతం నమ్మకంతో దోష పరిమితి ±0’ అని రాశారు, మీరు అదే అచ్చు వేశారు. వాళ్లు పరీక్ష చేసిన తీరులో నాకు తప్పేమీ కనిపించలేదు. నా అభ్యంతరమంతా ఆ ‘±0’ మీదే.

±0 అంటే ఇక సందేహానికి తావే లేదని అర్థం. ఊళ్లో వేల కుళాయిలుంటే 20 చూసి అంత మాట ఎవరూ అనలేరు. మరి ఆ సున్నా ఎక్కడి నుంచి వచ్చింది? డిగ్రీ పుస్తకాల్లో ఉండే ఈ సూత్రం నుంచి:

p ± 1.96 × √(p(1−p)/n)

ఇందులో n అంటే శాంపిళ్ల సంఖ్య, p అంటే వాటిలో చెడ్డవాటి వాటా, 1.96 అనేది 95 శాతం నమ్మకానికి వాడే అంకె. 20లో సున్నా వస్తే p సున్నా. వర్గమూలం కింద p గుణకారంలో ఉంది కాబట్టి అదీ సున్నా అయిపోతుంది. n 20 అయినా, 5 అయినా, చివరికి 1 అయినా జవాబు మారదు. ఒకే ఒక్క కుళాయి చూసి ‘సున్నా శాతం, ±0’ అనే వీలిచ్చే సూత్రాన్ని చూడగానే అనుమానం రావాలి. ఒక్కటీ చెడ్డది రాలేదని ‘100 శాతం సురక్షితం’ అంటే అదీ ఇదే లెక్క, తిరగేసి చెప్పడమే. ‘100కి 100 శాతం విజయం’ అనే ఆసుపత్రి ప్రకటనలకూ ఇదే వర్తిస్తుంది.

సూత్రం ఎందుకు దెబ్బతింటుందో కొంచెం చూద్దాం. శాంపిల్‌లో వచ్చే హెచ్చుతగ్గులు నిజమైన వాటా మీద ఆధారపడి ఉంటాయి. ఆ నిజమైన వాటా మనకు తెలియదు. కాబట్టి దాని స్థానంలో శాంపిల్‌లో వచ్చిన p ని పెట్టేస్తాం. వాటా సగం దగ్గర ఉన్నప్పుడు ఈ సర్దుబాటు వల్ల పెద్ద నష్టం లేదు. సున్నా దగ్గరికి వచ్చేసరికి ప్రమాదం. నిజమైన వాటా 5 శాతం ఉన్నా శాంపిల్‌లో సున్నా రావచ్చు. అలా వచ్చిన సున్నాయే ‘హెచ్చుతగ్గులేమీ లేవు’ అని కూడా చెప్పేస్తుంది. తప్పు జరిగే అవకాశాన్ని కొలవాల్సిన కొలబద్ద ఆ తప్పుతోపాటే మాయమవుతుంది. దీనికి తోడు ఈ సూత్రం గంట ఆకారంలో ఉండే నార్మల్ వక్రం అంచనా మీద నడుస్తుంది కాబట్టి p కి రెండు వైపులా సమానంగా చోటిస్తుంది. సున్నాకు కింద చోటే లేనప్పుడు సమానత్వం ఎక్కడిది?

ఆ తర్వాత మరో 20 కుళాయిలు చూశారు, ఈసారి ఒక సీసా నల్లబడింది. అప్పుడు వచ్చిన లెక్క 5 శాతం, ±9.6. అంటే కింది హద్దు మైనస్ 4.6 శాతం. నోట్‌లో దాన్ని గుట్టుగా సున్నా చేసి, 0 నుంచి 14.6 అని ఇచ్చారు. మైనస్ శాతం కుళాయిలు ఉండవని వాళ్లకు తెలిసింది కాబట్టే దిద్దారు. కానీ అలాంటి అంకె ఇచ్చిన సూత్రం పైహద్దు మాత్రం సరిగ్గా ఇచ్చి ఉంటుందా అని ఎవరూ అడిగినట్టు లేదు. పైగా ఒక సీసా కళ్లముందే నల్లబడ్డాక చెడ్డ కుళాయిల వాటా సున్నా కూడా కావచ్చంటే ఎలా?

పైహద్దు తెలుసుకోవాలంటే ప్రశ్నను తిప్పి అడగాలి. ఊళ్లో చెడ్డ కుళాయిల వాటా ఇంత ఉంటే, 20 చూసినా ఒక్కటీ దొరకకపోవడం ఎంత మామూలు విషయం? వాటా 5 శాతం అనుకుందాం. ఒక కుళాయి మంచిదయ్యే అవకాశం 0.95. ఇరవై మంచివే రావాలంటే 0.95 ని ఇరవైసార్లు గుణించాలి, 0.36 వస్తుంది. అంటే ప్రతి ఇరవై కుళాయిల్లో ఒకటి చెడ్డదైన ఊళ్లో కూడా మూడింట ఒక వంతుకు పైగా సందర్భాల్లో ఇదే ‘శుభవార్త’ వస్తుంది. వాటా 10 శాతం అయితే 0.12. అదీ అంత అరుదేమీ కాదు. 14 శాతానికి వచ్చాక 0.05కు కొంచెం దిగుతుంది. అంతకన్నా ఎక్కువ ఉంటే ఇలా ఒక్కటీ దొరకకపోవడం 20కి ఒకసారి కూడా జరగదు. కాబట్టి 20లో సున్నా వచ్చినప్పుడు 95 శాతం నమ్మకంతో అనగలిగేది ఒక్కటే: చెడ్డ కుళాయిలు 14 శాతం కంటే ఎక్కువ ఉండవు.

కాలిక్యులేటర్ లేనివాళ్లకు ఒక సులువు ఉంది. సున్నా వచ్చినప్పుడు 3ని n తో భాగిస్తే పైహద్దు దగ్గరదగ్గరగా వస్తుంది. 20కి 15 శాతం. 0.05 యొక్క సహజ లాగరిథం దాదాపు మైనస్ 3 కావడమే ఇందులోని కిటుకు. n మరీ చిన్నదైతే ఇది కొంచెం ఎక్కువ చూపిస్తుంది, 30 దాటితే తేడా పట్టించుకోనక్కర్లేదు.

ఒకటి రెండు చెడ్డవి వచ్చినప్పుడు ఈ సులువు పనిచేయదు. అలాంటి సందర్భానికి గణాంక శాస్త్రవేత్త విల్సన్ 1927లో ఇచ్చిన పద్ధతి ఉంది. ఆయన హెచ్చుతగ్గుల లెక్కలో శాంపిల్ p ని పెట్టలేదు. తెలియని వాటానే అక్కడ ఉంచి, వర్గ సమీకరణాన్ని సాధించాడు. ఆ లెక్కతో మన రెండో పరీక్షలోని 20లో ఒకటికి దాదాపు 1 శాతం నుంచి 24 శాతం వస్తుంది. కింద మైనస్ లేదు, సున్నా లేదు. పైహద్దు నోట్‌లో ఇచ్చిన 14.6 కంటే చాలా ఎక్కువ. క్లాపర్, పియర్సన్ 1934లో ఇచ్చిన పద్ధతి ఇంకొంచెం జాగ్రత్తపరుల లెక్క, అందులో పైహద్దు 25 శాతం అవుతుంది. నీళ్ల విషయంలో నాకు ఈ జాగ్రత్తే నచ్చుతుంది, అయినా ఈ రెంటిలో ఏది వాడినా నాకు పేచీ లేదు.

‘పాత సూత్రం కొంచెం అటూ ఇటూ అయితే ఏం పోయింది?’ అనేవాళ్లు ఉంటారు. ఎంత పోయిందో లెక్క వేయవచ్చు. ఊళ్లో నిజంగా 5 శాతం కుళాయిలు చెడ్డవనుకుని, 20 చొప్పున మళ్లీ మళ్లీ శాంపిళ్లు తీస్తున్నామనుకోండి. సున్నా వచ్చిన ప్రతిసారీ, అంటే 36 శాతం సార్లు, సూత్రం ‘0 నుంచి 0’ అంటుంది. నిజమైన 5 శాతం అందులో పడదు. చెడ్డ కుళాయిలు 1, 2, 3, 4 వచ్చినప్పుడు పడుతుంది. 5 లేదా అంతకన్నా ఎక్కువ వస్తే మళ్లీ పడదు, కానీ అది జరిగేది వెయ్యికి రెండు మూడు సార్లే. మొత్తం మీద నిజమైన వాటా ఆ హద్దుల మధ్య ఉండేది 64 శాతం సార్లు. పైన రాసింది మాత్రం 95. పుస్తకాల్లో ‘np, n(1−p) రెండూ 5కు మించి ఉండాలి’ అనే షరతు ఉంటుంది, పరీక్షల్లో పిల్లలు రాస్తారు కూడా. ఇక్కడ np అక్షరాలా సున్నా. అయితే ఆ షరతు కూడా పూర్తి రక్ష కాదు. అది నెరవేరినచోట కూడా పాత సూత్రం చెప్పినంత నమ్మకం ఇవ్వడం లేదని బ్రౌన్, కై, దాస్‌గుప్తా 2001లో చూపించారు.

ఇంతవరకూ చెప్పినదంతా 20 కుళాయిలూ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, ఊరంతటి నుంచి చీటీ తీసినట్టు ఎంచుకున్నప్పుడే చెల్లుతుంది. అన్నం ఉడికిందో లేదో ఒక మెతుకు పట్టి చూస్తే చాలంటాం, ఎందుకంటే గిన్నె అంతా ఒకే మంట మీద ఉంది. కుళాయిలు అలా కావు. మీ వార్త ప్రకారం ఈ 20 కుళాయిలూ నాలుగు వీధుల్లోవి, వీధికి ఐదు. ఒక వీధి పైపు పగిలి పక్క మోరీ నీళ్లు అందులో కలిస్తే ఐదు కుళాయిలూ కలిసి చెడతాయి, లేకపోతే ఐదూ కలిసి బాగుంటాయి. మరీ చెడ్డ పరిస్థితి ఊహిస్తే మనకు దొరికింది 20 సాక్ష్యాలు కాదు, నాలుగే. నాలుగులో సున్నాకు పైహద్దు 53 శాతం! సరైన పైహద్దు 14కూ 53కూ మధ్య ఎక్కడో ఉంటుంది. విల్సన్ గానీ మరొకరు గానీ ఈ లోటును సూత్రంతో పూడ్చలేరు, శాంపిళ్లు తీసే పద్ధతే మారాలి.

ఇంకొకటి, నీళ్లు రోజంతా రాని చోట పైపు ఖాళీగా ఉన్నప్పుడే బయటి మురికి లోపలికి పోతుంది. వదిలిన మొదటి నిమిషాల్లోనే ఆ తేడా ఎక్కువగా తెలుస్తుంది. అరగంట పారిన తర్వాత సీసా నింపితే ఎంత మంచి లెక్కైనా తప్పు ప్రశ్నకే జవాబిస్తుంది. నీళ్లు ఎప్పుడు పట్టారో మీ వార్తలో లేదు, విలేఖరి అడిగి ఉంటే బాగుండేది.

కాబట్టి మీరు ఇలాంటి వార్త వేసేటప్పుడు శాతం ఒక్కటే ఇవ్వకండి. ‘20లో 0, నాలుగు వీధుల్లో, నీళ్లు వదలగానే’ అని రాయండి, పక్కనే పైహద్దు ఇవ్వండి. ‘చెడ్డ కుళాయిలు 14 శాతం వరకూ ఉండే అవకాశం ఇంకా కొట్టిపారేయలేం’ అన్న వాక్యం చదివి జనం భయపడతారని అధికారులు అనవచ్చు. అప్పుడు చేయాల్సింది ఇంకొన్ని సీసాలు నింపడం. చెడ్డవి 5 శాతం లోపే అని చెప్పాలంటే కనీసం 59 కుళాయిలు చూసి ఒక్కటీ నల్లబడకుండా ఉండాలి, 1 శాతం లోపే అనాలంటే 299. వచ్చే విడతలో 60 వేర్వేరు వీధుల నుంచి ఇంటికొకటి చొప్పున 60 శాంపిళ్లు తీయమని అడగండి. అందులో ఒకటి నల్లబడితే మాత్రం పైహద్దు 5 కాదు, దాదాపు 8 శాతం అవుతుంది. ఆ విషయం కూడా ముందే చెప్పి మొదలుపెడితే తర్వాత అంకెలు దిద్దుకునే అవసరం రాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత స్టాటిస్టిక్స్ లెక్చరర్,
హనుమకొండ